‘చూద్దాంలేమ్మా’ అన్న సార్‌కి మళ్లీ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నెల్లూరు పక్కన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో నాలుగేళ్లుగా క్వాలిటీ సెక్షన్‌లో చేస్తున్నాను. చెన్నైలో ఆహార భద్రత పద్ధతి నేర్పే మూడు రోజుల హాసప్ కోర్సు ఉందని తెలిసి మా క్యూఏ మేనేజర్ సార్‌కి వాట్సాప్‌లో ఇలా పెట్టాను: ‘గుడ్ ఈవెనింగ్ సార్. చెన్నైలో హాసప్ కోర్సు పెడుతున్నారు సార్. ఫీజు 18 వేలు, ప్లస్ జీఎస్టీ. నా కెరీర్‌కి చాలా యూజ్ అవుతుంది. మా ఫ్రెండ్‌కి వాళ్ల కంపెనీయే కట్టింది. మన ఎండీ గారికి కొంచెం చెప్పండి సార్, ప్లీజ్.’ సార్ ‘చూద్దాంలేమ్మా’ అన్నారు. నెల దాటింది, మళ్లీ ఆ మాటే లేదు. సార్ మంచివారే. కానీ నెలలో పది రోజులు భీమవరం యూనిట్‌లో ఉంటారు, ఆయన చూసి సంతకం చేయాల్సిన షీట్లన్నీ ఆయన వచ్చేదాకా నా టేబుల్ మీదే ఉంటాయి. మా యూనిట్‌లో హాసప్ ట్రైనింగ్ అయింది ఆయనొక్కరికే. మళ్లీ అడగాలంటే టెన్షన్‌గా ఉంది. ప్రొఫెషనల్‌గా రాయమంటున్నారు, ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు:

మీ వాట్సాప్ మెసేజ్‌లో లేని ముఖ్యమైన సంగతి మీ ఉత్తరం చివర్లో ఉంది. సార్ పది రోజులు ఊళ్లో ఉండరు, షీట్లు ఆగిపోతాయి, ట్రైనింగ్ అయినవారు ఒక్కరే. మీ ప్రపోజల్ ఇదే. కెరీర్, ఫ్రెండ్, ప్లీజ్ అన్న మూడూ తీసేసి దీన్ని ముందు పెట్టి రాస్తే సగం పని అయినట్టే.

ఎందుకో వివరంగా చెప్తాను. మీ ప్లాంట్ అమెరికాకి సరుకు పంపుతుందనుకుంటున్నాను. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వారి సీఫుడ్ హాసప్ నిబంధన, అంటే అక్కడి కేంద్ర నిబంధనల సంపుటిలో 21 సీఎఫ్ఆర్ 123వ భాగం, 1997 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. అందులో మీకు పనికొచ్చేవి రెండు సంగతులు. ఒకటి, కీలక నియంత్రణ స్థానాల దగ్గర, అంటే మీరు సీసీపీలు అనేవాటి దగ్గర రాసే షీట్లను, రాసిన రోజు నుంచి వారం లోపల ఒకరు చూసి సంతకం చేసి తేదీ వేయాలి. రెండోది, ఆ చూసే మనిషి ఎవరో ఒకరైతే చాలదు. ఎఫ్‌డీఏ గుర్తించిన పాఠ్యక్రమానికి సమానమైన హాసప్ శిక్షణ పొంది ఉండాలి, లేదా పని అనుభవం వల్ల అంత పరిజ్ఞానం ఉండాలి. హాసప్ ప్లాన్ తయారు చేయడం, ఏటా కనీసం ఒకసారి దాన్ని తిరిగి పరిశీలించడం, ఈ షీట్లు చూడడం, ఈ మూడూ అలాంటి మనిషే చేయాలి.

ఇప్పుడు మీ సార్ క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. ఆయన వరసగా పది రోజులు భీమవరంలో ఉంటే, మొదటి రోజు మెటల్ డిటెక్టర్ షీటు ఆయన తిరిగొచ్చేసరికి వారం దాటిపోతుంది. ముడిసరుకు దిగినప్పుడు రైతు ఇచ్చిన డిక్లరేషన్ చూసి మీరు నింపే షీటుదీ అదే గతి. ఇది మీ చదువు సమస్య కాదు, ప్లాంట్ సమస్య. మీ చదువు దానికి ఒక పరిష్కారం, అంతే. మేనేజర్‌కి రాసేది ఈ వరసలోనే ఉండాలి.

మీ మెసేజ్ ఎందుకు ఆగిపోయిందో కూడా ఆలోచించండి. సార్‌కి ఇష్టం లేక కాదు. డబ్బు ఇచ్చేది ఆయన కాదు, ఎండీ గారు. ఆ మెసేజ్ తీసుకెళ్లి ఎండీ గారికి ఆయన ఏమని చెప్పాలి? ‘మా సెక్షన్ అమ్మాయి ఏదో కోర్సు అంటోంది సార్’ అనాలి. ‘ఎందుకు?’ అంటే ఆయన దగ్గర జవాబు లేదు. ‘మొత్తం ఎంతవుతుంది?’ అంటే జవాబు లేదు. ‘నేర్చుకుని పక్క ప్లాంట్‌కి పోతే?’ అంటే అసలే లేదు, పైగా కెరీర్‌కి యూజ్ అవుతుందని మీరే రాసిచ్చారు. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ట్రైనింగ్ ఉన్న క్యూఏ వాళ్లని పక్క ప్లాంట్లు లాగేసుకోవడం ఏ యజమానికీ కొత్త కాదు. అందుకని మీ కాగితం సార్ కోసం రాస్తున్నట్టు ఉన్నా, అసలు చదివేది మీ పేరు కూడా సరిగ్గా గుర్తులేని ఎండీ గారు. సార్ దాన్ని ఏమీ మార్చకుండా, పైన ‘సిఫారసు చేస్తున్నాను’ అని ఒక్క ముక్క రాసి పంపగలిగేలా ఉండాలి.

రాసేముందు రెండు పనులు పూర్తిచేయండి.

మొదటిది, ఆ కోర్సు సరైనదేనా అని తేల్చుకోవడం. హాసప్ పేరుతో సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు బోలెడుమంది. ఆన్‌లైన్‌లో రెండు గంటల వీడియో చూపించి పీడీఎఫ్ పంపేవాళ్లూ ఉన్నారు. ఎఫ్‌డీఏ గుర్తించిన పాఠ్యక్రమం సీఫుడ్ హాసప్ అలయన్స్ వారిది. ఆ కోర్సు పూర్తిచేసిన వారికి అమెరికాలోని ఏఎఫ్‌డీఓ అనే సంస్థ పేరుతో సర్టిఫికెట్ వస్తుంది. చెన్నై వాళ్లకి ఫోన్ చేసి సూటిగా అడగండి: ఇది అలయన్స్ పాఠ్యక్రమమా, సర్టిఫికెట్ ఎవరి పేరుతో వస్తుంది, పాఠం చెప్పేవారికి అలయన్స్ శిక్షకులుగా గుర్తింపు ఉందా? జవాబు మెయిల్‌లో ఇమ్మనండి. ‘ఇంటర్నేషనల్లీ రికగ్నైజ్డ్ మేడమ్’ అని ఊరుకుంటే ఆ ఫీజు మీ కంపెనీ చేత కట్టించకండి, మీరూ కట్టకండి. మామూలు ఆహార పరిశ్రమ హాసప్ కోర్సు మంచిదే కావచ్చు. కానీ మీరు చెప్పబోయే కారణమంతా సీఫుడ్ నిబంధన మీద నిలబడింది కాబట్టి, అది ‘సమానమైన శిక్షణ’ అని ఆడిటర్ ముందు మళ్లీ నిరూపించుకోవాల్సి వస్తుంది. కొచ్చిలోని సిఫ్ట్ లాంటి ప్రభుత్వ సంస్థ పెట్టే హాసప్ శిక్షణల వివరాలు కూడా కనుక్కోండి. చెన్నై ఒక్కటే చూసి వచ్చారా అని ఎండీ గారు అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి.

రెండోది ఖర్చు. 18 వేలు ప్లస్ జీఎస్టీ అని వదిలేయకండి. పూర్తి లెక్క వేయండి. ఫీజు 18,000. దానిపై 18 శాతం జీఎస్టీ 3,240. నెల్లూరు నుంచి రానుపోను రైలు, ఆటోలు కలిపి ఒక వెయ్యి. మూడు రాత్రులు బస రోజుకు 1,800 చొప్పున 5,400. భోజనాలకు 1,500. మొత్తం 29,140. బస, భోజనం అంకెలు నేను ఉదాహరణకి వేశాను, మీరు విచారించి మార్చుకోండి. చెన్నైలో పిన్నిగారి ఇల్లు ఉంటే బస ఖర్చు తీసేయొచ్చు, కానీ ఉందని చెప్పి ఆ తర్వాత రూమ్ బిల్లు పెట్టకూడదు. అంకె పెద్దదైతే ఒప్పుకోరేమోనని ఫీజు ఒక్కటే చూపించి, ఒప్పుకున్నాక బస బిల్లు తెచ్చేవాళ్లని చూశాను. తర్వాతి సారి వాళ్లు ఏ లెక్క ఇచ్చినా మేనేజర్ దాని మీద ఇంకో పది శాతం మనసులోనే వేసుకుంటాడు.

ఇక్కడే ఒక చిన్న విషయం మీ అకౌంట్స్ వాళ్లని అడగండి. ఇన్‌వాయిస్ కంపెనీ పేరు మీద, కంపెనీ జీఎస్టీ నంబరుతో వస్తే ఆ 3,240 ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలో, తగ్గించుకునే వీలుంటుంది. మీ పేరు మీద బిల్లు తెచ్చి రీయింబర్స్‌మెంట్ అడిగితే ఆ వీలుండదు. క్రెడిట్ వస్తే కంపెనీకి నికరంగా పడేది 25,900. అకౌంట్స్ వాళ్లు ఔనంటేనే ఈ అంకె రాయండి. యజమానులకు ఇలాంటి వాక్యం ఎందుకో బాగా నచ్చుతుంది, కోర్సు గురించి పేజీ రాసినా అంత నచ్చదు.

ఇక అసలు సున్నితమైన చోటు. మీ సార్.

ఆ యూనిట్‌లో ఇన్నాళ్లూ ట్రైనింగ్ ఉన్నది ఆయనొక్కరికే అంటే, అది ఆయన స్థానానికి ఉన్న బలం కూడా. రెండో మనిషి తయారవుతోందంటే ఎంత మంచివారికైనా లోపల ఒక ప్రశ్న పుడుతుంది. దానికి తోడు మీరు ‘సార్ లేక షీట్లు లేటవుతున్నాయి’ అని మెయిల్‌లో రాస్తే అది ప్రపోజల్ కాదు, పితూరీ. అందుకని మెయిల్ పంపేముందు ఆయన భీమవరం నుంచి వచ్చిన మర్నాడు కాకుండా, కాస్త తీరిగ్గా ఉన్న రోజు చూసి పది నిమిషాలు మాట్లాడండి. ‘సార్, మీరు రెండు యూనిట్లూ చూసుకోవాల్సి వస్తోంది. షీట్ల పరిశీలనకి మీకు ఇంకో చెయ్యి ఉంటే బాగుంటుందని ఒక కాగితం రాశాను. మీరు చూసి సరేనంటేనే మెయిల్ పెడతాను’ అనండి. ఇది ముఖస్తుతి కాదు, జరుగుతున్నదే. పది రోజుల సరుకు కాగితాలు ఒక్క రోజులో చూడాల్సి రావడం ఆయనకీ భారమే.

షీట్లు నిజంగానే వారం దాటుతున్న సంగతి మాత్రం కోర్సు మెయిల్‌లో పెట్టకండి, దాన్ని బేరానికి వాడకండి. తిరిగొచ్చాక ఆయన ఏ తేదీ వేసి సంతకం చేస్తున్నారో నాకు తెలియదు, కానీ పాత తేదీ వేసే అలవాటు ఎక్కడైనా ఉంటే అది ఆలస్యం కన్నా పెద్ద తప్పు. ఆ మాట ఆయనతో ముఖాముఖి, విడిగా, ఈ కోర్సుతో ముడిపెట్టకుండా చెప్పాలి. చూసిన రోజు తేదీయే వేసి, ఆలస్యానికి కారణం రాసుకుని, ఇకముందు జరగకుండా ఏర్పాటు చేసుకోవడం సరైన పద్ధతి. మీ కోర్సు వచ్చినా రాకపోయినా ఇది సరిదిద్దుకోవాల్సిందే.

ఇప్పుడు మెయిల్. మీ ఆఫీసులో మెయిల్స్ ఇంగ్లీషులో నడుస్తాయని తెలుసు. తెలుగులో ముందు విషయం కుదిరితే ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలుగా మార్చుకోవడం కష్టం కాదు. తేదీలు, అంకెలు మీవి వేసుకోండి.

> విషయం: నెల్లూరు యూనిట్‌లో హాసప్ రికార్డుల పరిశీలనకు రెండో శిక్షిత వ్యక్తి – మూడు రోజుల కోర్సుకు అనుమతి కోసం
>
> గౌరవనీయులైన సార్ గారికి,
>
> మన యూనిట్‌లో సీసీపీ రికార్డులను పరిశీలించి సంతకం చేయగల శిక్షణ ప్రస్తుతం మీకొక్కరికే ఉంది. మీరు రెండు యూనిట్లు చూస్తున్నందున, మీరు ఇక్కడ లేని రోజుల్లో ఈ పనికి ప్రత్యామ్నాయం లేదు. అమెరికా సీఫుడ్ హాసప్ నిబంధన ప్రకారం ఈ రికార్డులు రాసిన రోజు నుంచి వారం లోపల శిక్షణ పొందిన వ్యక్తి పరిశీలించాలి. అందువల్ల రెండో వ్యక్తిని తయారు చేసుకోవడం అవసరమని భావిస్తూ, నన్ను ఈ శిక్షణకు పంపాలని కోరుతున్నాను.
>
> కోర్సు: సీఫుడ్ హాసప్ అలయన్స్ పాఠ్యక్రమం, చెన్నై, వచ్చే నెల 12, 13, 14 తేదీలు. పూర్తిచేసిన వారికి ఏఎఫ్‌డీఓ సర్టిఫికెట్ వస్తుంది. నిర్వాహకులు దీన్ని ధ్రువీకరిస్తూ పంపిన మెయిల్ జతచేశాను.
>
> ఖర్చు: ఫీజు 18,000, జీఎస్టీ 3,240, ప్రయాణం, బస, భోజనం 7,900. మొత్తం 29,140 రూపాయలు. ఇన్‌వాయిస్ కంపెనీ పేరు మీద తీసుకుంటే జీఎస్టీ మొత్తం క్రెడిట్‌గా వస్తుందని అకౌంట్స్ వారు చెప్పారు. అప్పుడు నికర ఖర్చు 25,900.
>
> ఇతర మార్గాలు: మీరు భీమవరంలో ఉన్నప్పుడు రికార్డులను స్కాన్ చేసి పంపడం ఒక మార్గం. దీనికి ఖర్చు లేదు. అయితే మీరు సెలవులో ఉన్నా, ఆడిట్ పనిలో ఉన్నా ఇది కుదరదు. బయటి కన్సల్టెంట్‌ను పిలిపించడం రెండోది. ఇది నెలనెలా వచ్చే ఖర్చు. ఈ రెండింటికన్నా యూనిట్‌లోనే ఒకరికి శిక్షణ ఇవ్వడం మేలని నా అభిప్రాయం.
>
> శిక్షణ తర్వాత: మొదటి నెల మీ పర్యవేక్షణలో రికార్డులు పరిశీలిస్తాను. రెండో నెల నుంచి మీరు లేని రోజుల్లో ఆ బాధ్యత తీసుకుంటాను. ఈ ఏడాది హాసప్ ప్లాన్ పునఃపరిశీలనలో మీకు సాయం చేస్తాను. తిరిగొచ్చిన రెండు వారాల్లో రిసీవింగ్, మెటల్ డిటెక్టర్ దగ్గర షీట్లు రాసేవారికి రెండు గంటల తరగతి తీసుకుంటాను.
>
> ఆ మూడు రోజుల నా డ్యూటీ గురించి సెక్షన్‌లో నా సహోద్యోగితో మాట్లాడాను. ఆవిడ సర్దుబాటుకు ఒప్పుకున్నారు. కోర్సు పూర్తయిన తేదీ నుంచి 12 నెలలు ఇక్కడే పనిచేస్తాను. ఆలోగా నా అంతట నేను మానేస్తే, మిగిలిన ప్రతి నెలకు 1,500 రూపాయల చొప్పున ఫీజు తిరిగి చెల్లిస్తాను.
>
> సీటు కోసం ఈ నెల 25 లోపల ఫీజు కట్టాలి. 20వ తేదీలోగా మీ నిర్ణయం తెలిస్తే ఏర్పాట్లు చేసుకుంటాను.

అంతే. ఒక పేజీ దాటకూడదు. కోర్సు బ్రోచర్, నిర్వాహకుల మెయిల్ జతచేయండి, నిబంధనల పుటలు మాత్రం వద్దు. అడిగితే చూపించవచ్చు.

ఇందులో కొన్ని వాక్యాలు ఎందుకు అలా రాశానో చెప్తాను, లేకపోతే మీరు ‘ఇంకొంచెం గట్టిగా రాద్దాం’ అని వాటినే మారుస్తారు.

ఈ కోర్సు చేస్తే కంటైనర్లు వెనక్కి రావు, కోట్లు మిగులుతాయి అని నేను రాయలేదు. మీకు రాయాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. కానీ ఎండీ గారికి ఈ వ్యాపారం మీకన్నా తెలుసు. సరుకులో యాంటీబయాటిక్ అవశేషం దొరికి వెనక్కి వచ్చిందంటే దాని మొదలు ఎక్కువగా చెరువు గట్టు మీద ఉంటుంది. మీ యూనిట్‌లో ఒకరికి అదనంగా సర్టిఫికెట్ ఉంటే అది ఆగదు. ఒక్క అబద్ధపు లాభం రాస్తే, దాని పక్కనున్న నిజమైన అంకెల్ని కూడా ఆయన అదే కళ్లతో చూస్తాడు. పైగా 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి ఎక్కినప్పటి నుంచి మన వైపు ప్రతి ప్లాంట్‌లోనూ ఖర్చు మీద కన్ను పెరిగింది. ఇలాంటప్పుడు పెద్ద లాభం చూపించే కాగితం కన్నా చిన్న ఖర్చుతో తెలిసిన సమస్యని తీర్చే కాగితానికి విలువ ఎక్కువ.

స్కాన్ చేసి పంపే మార్గాన్ని మీ అంతట మీరే ఎందుకు చెప్పాలి అంటారేమో. చెప్పకపోతే సార్ చెప్తారు, లేదా ఎండీ గారు చెప్తారు. ‘వాట్సాప్‌లో పంపమ్మా, దానికి 29 వేలు ఎందుకు?’ అంటే మీరు నీళ్లు నమలాలి. మీరే చెప్పి, అది ఎక్కడ సరిపోదో కూడా చెప్తే ఆ ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. ఒకవేళ వాళ్లు నిజంగానే స్కానింగ్‌కే మొగ్గు చూపితే బాధపడకండి. నిబంధన దానికి అడ్డు చెప్పదు, షీట్ల ఆలస్యమైతే తీరుతుంది. మీ కోర్సు మాట ప్లాన్ పునఃపరిశీలన సమయానికి మళ్లీ ఎత్తవచ్చు.

ఇంకో అభ్యంతరం రావచ్చు, తెలివైనది. ‘నీకు నాలుగేళ్ల అనుభవం ఉందిగా, అనుభవం ఉన్నా చాలని రూల్‌లోనే ఉంది, కోర్సు ఎందుకు?’ అని సార్ అడగవచ్చు. నిజమే, ఉంది. దీనికి వాదన పెట్టుకోకండి. ‘ఔను సార్. కానీ ఆ అనుభవం కోర్సుకి సమానమని బయ్యర్ తరఫు ఆడిటర్‌కి మనమే కాగితాలతో చూపించాలి, సర్టిఫికెట్ ఉంటే ఆ ప్రశ్నే రాదు’ అనండి. దీన్ని మెయిల్‌లో పెట్టలేదు. అడగని ప్రశ్నలన్నిటికీ జవాబులు రాస్తే కాగితం భయపడుతున్నట్టు కనిపిస్తుంది.

‘రెండు గంటల తరగతి’ అన్నది అలంకారానికి పెట్టలేదు. శిక్షణ అయ్యాక కంపెనీకి ఏం వచ్చిందో కంటికి కనిపించేది అదొక్కటే. కానీ మీరు చేయగలిగితేనే రాయండి. షీటు రాసేవాళ్లు ఎక్కడ తడబడతారో మీకు తెలుసు: మెటల్ డిటెక్టర్‌లో ఫెర్రస్, నాన్ ఫెర్రస్, స్టీల్ ముక్కలు వేసి చూడాల్సిన టైముకి చూడకుండా, షిఫ్ట్ చివర్లో కాలమ్ అంతా ఒకే పెన్నుతో టిక్కులు పెట్టేయడం. ఆ ఒక్క అలవాటు మీద తరగతి తీసుకున్నా రెండు గంటలు సరిపోవు.

బాండ్ సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. మీ అంతట మీరే 12 నెలలు అన్నారంటే ఎండీ గారి మనసులో ఉన్న ‘పక్క ప్లాంట్’ భయానికి అడగకుండానే జవాబు చెప్పినట్టు. 18,000ని 12తో భాగిస్తే నెలకి 1,500. ఆరు నెలలకి మానేస్తే 9,000 కట్టాలి, పది నెలలకి మానేస్తే 3,000. ఇలా నెలనెలా తగ్గేదే న్యాయమైన పద్ధతి. వాళ్లు దీన్ని మూడేళ్లు, లక్ష రూపాయలు అని మార్చి కాగితం తెస్తే సంతకం పెట్టకండి, మాట్లాడండి. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా, ఆ మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. అలాగని బాండ్లు చెల్లవు అనే ఆఫీసు కబుర్లు కూడా నమ్మకండి. 2025 మే నెలలో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సంతకం పెడితే అది నిజమైన బాధ్యతే అనుకుని పెట్టండి. కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే మీరు కట్టనక్కర్లేదని అందులో ఒక వాక్యం ఉండాలి, అందుకే మెయిల్‌లో ‘నా అంతట నేను మానేస్తే’ అన్నాను. డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు హామీగా ఇవ్వమంటే మర్యాదగా కాదనండి, జిరాక్సులు ఇవ్వండి. వచ్చే ఏడాదిలోపు పెళ్లి, వేరే ఊరు వంటి ఆలోచనలు ఇంట్లో నడుస్తుంటే ఈ 12 నెలల మాట ఇచ్చేముందు వాళ్లతోనూ మాట్లాడండి. అవసరమైతే ఆరు నెలలే అనండి. ఇవ్వలేని మాట ఇచ్చి కోర్సు తెచ్చుకోవడం కన్నా అది నయం.

పంపే సమయం కూడా చూసుకోండి. ప్లాంట్‌లో సరుకు ముమ్మరంగా దిగుతూ, షిఫ్టులు పొడిగిస్తున్న వారంలో ఎవరూ మూడు రోజుల సెలవు కాగితం వైపు చూడరు. బయ్యర్ ఆడిట్ అయిపోయి రిపోర్టు వచ్చిన వారం చాలా మంచిది, అందులో శిక్షణ గురించి ఒక్క మాట ఉన్నా సార్ చేతికి ఆధారం దొరుకుతుంది. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో కాదు, పొద్దున డ్యూటీ మొదట్లో మెయిల్. పంపాక వాట్సాప్‌లో ‘మెయిల్ పెట్టాను సార్, వీలున్నప్పుడు చూడండి’ అని ఒక్క ముక్క చాలు.

మీరు రాసిన 20వ తేదీ దాకా మళ్లీ కదిలించకండి. ఆ రోజు జవాబు రాకపోతే 21న వెళ్లి ‘ఏమైంది సార్’ అనకుండా ‘ఎండీ గారికి పంపడానికి ఇంకేమైనా వివరం కావాలా సార్?’ అని అడగండి. మొదటి ప్రశ్నకి మళ్లీ ‘చూద్దాం’ వస్తుంది. రెండో ప్రశ్నకి ఏదో ఒక పని వస్తుంది: ఖర్చు తగ్గించమనో, తేదీ మార్చమనో, లేదా ఈ ఏడాది కాదనో. కాదంటే ఎప్పుడు వీలవుతుందో అడిగి, ఆ నెల పేరుతో ‘మీరు చెప్పినట్టు ఫలానా నెలలో మళ్లీ అడుగుతాను’ అని చిన్న మెయిల్ పెట్టేయండి.

ఖర్చే అడ్డమైతే తగ్గించే దారులు ఉన్నాయి. ఈ అలయన్స్ కోర్సుని రెండు భాగాలుగా, మొదటిది ఆన్‌లైన్‌లో, రెండోది ఒక్క రోజు ముఖాముఖిగా చేసే పద్ధతి కూడా ఉంది. అలాంటిది దగ్గర్లో దొరికితే రెండు రాత్రుల బస, రెండు రోజుల డ్యూటీ మిగులుతాయి. లేదంటే ఫీజు కంపెనీ, ప్రయాణం, బస మీరు. సగం ఫీజు మీరు కట్టేటట్టయితే బాండ్ కూడా సగం కావాలి, 12 నెలలు ఆరు అవ్వాలి. అది అడగడానికి మొహమాటపడకండి.

‘ముందు నువ్వు కట్టేసుకో, తర్వాత ఇస్తాం’ అని నోటిమాటగా అంటే మాత్రం తొందరపడి కట్టకండి. ఎంత ఇస్తారో, ఏ నెల జీతంతో ఇస్తారో సార్ చేత మీ మెయిల్‌కి జవాబుగా రాయించుకోండి. అప్పుడు కూడా నిర్వాహకులకి కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఇచ్చి ఇన్‌వాయిస్ ఆ పేరు మీదే తీసుకోండి. మీ పేరు మీద బిల్లు వచ్చేస్తే తర్వాత మార్పించుకోవడం పెద్ద తలనొప్పి, అకౌంట్స్ వాళ్లు ఆ 3,240 మీ దగ్గర తగ్గించుకుని ఇస్తామన్నా అనగలరు.